చక్కెర సున్నా, పిండిపదార్థం 70

షుగర్ ఉన్న మనిషికి బిస్కెట్ ప్యాకెట్ కొనేటప్పుడు మనలో చాలామంది చూసేది ఒక్కటే అంకె. ప్యాకెట్ వెనక్కి తిప్పి, 'షుగర్స్' అన్న వరుస వెతికి, అక్కడ చిన్న అంకె ఉంటే బుట్టలో వేసుకుంటాం. ముందువైపే పెద్ద అక్షరాలతో 'షుగర్ ఫ్రీ' అని ఉంటే వెనక్కి తిప్పే పని కూడా పెట్టుకోం. "ఇందులో చక్కెర లేదు నాన్నా, తినండి" అని నాలుగు చేతిలో పెడతాం. రెండు గంటల తర్వాత మీటర్‌లో 230 కనిపిస్తే మందు పనిచేయడం లేదేమో అనుకుంటాం.

ఆ ప్యాకెట్ మీద రాసింది అబద్ధం కాదు. అందులో నిజంగానే చక్కెర లేదు. అయితే రక్తంలో గ్లూకోజ్ పెరగడానికి చక్కెరే ఉండక్కర్లేదు. వెనకవైపు పట్టికలో షుగర్స్ వరుసకు సరిగ్గా పైన 'కార్బోహైడ్రేట్' అన్న వరుస ఒకటి ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు మొదట చదవాల్సింది దాన్ని. తర్వాత పీచు, అంటే డైటరీ ఫైబర్. చక్కెర అంకె ఆ రెండింటి తర్వాత. ఈ వరుసక్రమం ఎందుకో, ఆ మూడు అంకెలతో ఏం లెక్క కట్టవచ్చో, ఆ లెక్క ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం.

ముందుగా, లేబుల్ భాషలో చక్కెర అంటే ఏమిటి? ఒకటి లేదా రెండు చిన్న అణువులతో ఏర్పడిన తీపి పదార్థాలే ఆ లెక్కలోకి వస్తాయి. గ్లూకోజ్, ఫ్రక్టోజ్, మనం టీలో వేసుకునే పంచదార, పాలలో సహజంగా ఉండే లాక్టోజ్ ఇలాంటివి. బియ్యంలో, గోధుమలో, మైదాలో ఉండే పిండి ఈ లెక్కలోకి రాదు. పిండి కూడా గ్లూకోజే, కాకపోతే పూసల దండలా వందలు వేలుగా గుచ్చి ఉంటుంది. నోట్లో, చిన్నపేగులో ఉండే ఎంజైములు ఆ దారాన్ని తెంపేస్తాయి. మైదా లాంటి మెత్తటి పిండి విషయంలో ఆ పని చాలా త్వరగా అయిపోతుంది. గ్లూకోజ్ రక్తంలోకి చేరే వేగాన్ని గ్లైసీమిక్ ఇండెక్స్ అనే కొలతతో చెబుతారు. గ్లూకోజ్‌ని 100 అనుకుంటే పంచదార 65 దగ్గర, తెల్ల బ్రెడ్ 75 దగ్గర ఉంటాయి. తీపి లేని తెల్ల బ్రెడ్ పంచదార కన్నా పై మెట్టు మీద ఉందన్నమాట. పంచదారలో సగం ఫ్రక్టోజ్ కావడం, అది గ్లూకోజ్‌ని నేరుగా పెంచకపోవడం దీనికి కారణం.

మాల్టోడెక్స్‌ట్రిన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పిండిని కొంతవరకు ముక్కలు చేసి తయారుచేసే తెల్లటి పొడి ఇది. మసాలా ఓట్స్‌లో, సూప్ పొడుల్లో, పాలలో కలుపుకునే పౌష్టిక పొడుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. అందులోని గొలుసులు చాలావరకు రెండు అణువుల కన్నా పొడుగ్గా ఉంటాయి కాబట్టి లేబుల్ లెక్కలో అది చక్కెర కాదు. ఒంట్లో మాత్రం దాదాపు గ్లూకోజ్ ఎంత వేగంగా కలుస్తుందో అంత వేగంగా కలుస్తుంది. పదార్థాల జాబితాలో బరువు ఎక్కువ ఉన్నది ముందు రాయాలన్నది నిబంధన. అందుకని మాల్టోడెక్స్‌ట్రిన్ మొదటి మూడు నాలుగు పేర్లలో ఉంటే, షుగర్స్ వరుస ఎంత చిన్నగా ఉన్నా ఆ ప్యాకెట్ విషయంలో జాగ్రత్త పడాల్సిందే. కార్బోహైడ్రేట్ వరుసలో అయితే అది తప్పించుకోలేదు. అక్కడ పూర్తిగా లెక్కకు వస్తుంది.

ఇప్పుడు రెండు బిస్కెట్ ప్యాకెట్లు పక్కపక్కన పెడదాం. ఏ కంపెనీ పేరూ అక్కర్లేదు. మన దుకాణాల్లో ఈ రకం ప్యాకెట్ల మీద ఉండే అంకెలకు దగ్గరగా ఉండేలా ఉదాహరణ తీసుకుంటున్నాను. మొదటిది డైజెస్టివ్ బిస్కెట్. 100 గ్రాములకు ప్రోటీన్ 7 గ్రాములు, కొవ్వు 21, కార్బోహైడ్రేట్ 68, అందులో చక్కెర 17, పీచు 6. రెండోది షుగర్ ఫ్రీ బిస్కెట్, తీపికి సుక్రలోజ్ వాడారు. ప్రోటీన్ 8, కొవ్వు 19, కార్బోహైడ్రేట్ 70, చక్కెర 0.3, పీచు 5. మన దేశ నిబంధనల ప్రకారం 100 గ్రాములకు అర గ్రాముకు మించి చక్కెర లేకపోతేనే షుగర్ ఫ్రీ అని రాసుకోవాలి. కాబట్టి రెండో ప్యాకెట్ రాసుకున్నదాంట్లో తప్పేమీ లేదు.

చక్కెర వరుస ఒక్కటే చూస్తే 17కీ 0.3కీ పోలికే లేదు. ఇక కార్బోహైడ్రేట్ చూడండి. 68, 70. చక్కెర తీసేసిన ప్యాకెట్‌లోనే రెండు గ్రాములు ఎక్కువ. ఎందుకంటే బిస్కెట్‌లో పంచదార తీపి ఇవ్వడమే కాదు, బరువు కూడా ఇస్తుంది. సుక్రలోజ్ చిటికెడు చాలు. ఆ చిటికెడు పోగా మిగిలిన ఖాళీని ఏదో ఒకదానితో నింపాలి, ఎక్కువసార్లు నింపేది పిండితోనే.

వంద గ్రాముల లెక్క పోలికకు పనికొస్తుంది గానీ, టీతో ఎవరూ వంద గ్రాములు తినరు. ప్యాకెట్ మీద 'సర్వింగ్' అని రాసిన పరిమాణమూ మనం తినేదీ ఒకటే కావాలని లేదు. ఒక బిస్కెట్ బరువు తెలుసుకోవడం తేలిక. ప్యాకెట్ నికర బరువును బిస్కెట్ల సంఖ్యతో భాగిస్తే చాలు. 250 గ్రాముల ప్యాకెట్‌లో 25 ఉంటే ఒక్కోటి 10 గ్రాములు. మూడు తింటే 30 గ్రాములు. అప్పుడు డైజెస్టివ్‌లో పిండిపదార్థం 20.4 గ్రాములు, షుగర్ ఫ్రీలో 21. పిండిపదార్థాన్ని లెక్కపెట్టుకునే పద్ధతిలో 15 గ్రాములను ఒక వాటాగా తీసుకుంటారు. 25 గ్రాముల గోధుమపిండితో చేసిన చిన్న పుల్కాలో ఉండేది ఇంచుమించు అంతే. అంటే ఏ ప్యాకెట్‌లోవైనా సరే, మూడు బిస్కెట్లు తిన్నాక మనిషి ఒక పుల్కా పైచిలుకు తిన్నట్టే. నాలుగింటికి టీతో ఒక పుల్కా తిని మళ్లీ రాత్రి మామూలుగా భోంచేస్తే మీటర్ ఏం చూపిస్తుందో, ఇక్కడా అదే చూపిస్తుంది. చక్కెర లేదన్న ధైర్యంతో మూడుకు బదులు ఆరు తింటే 42 గ్రాములు. ఇళ్లలో జరుగుతున్నది ఎక్కువగా ఇదే.

ఇక పీచు. పీచు కూడా రసాయనికంగా పిండిపదార్థాల జాతిదే. కానీ దాన్ని విడగొట్టే ఎంజైములు మన చిన్నపేగులో లేవు కాబట్టి అది గ్లూకోజ్‌గా మారదు. అందుకే కొందరు కార్బోహైడ్రేట్ అంకెలోంచి పీచును తీసేసి మిగిలిందే లెక్క అంటారు. 'నెట్ కార్బ్స్' అని కీటో పిండి, కీటో బ్రెడ్ ప్యాకెట్ల మీద పెద్దగా రాసేది దాన్నే. ఆలోచన సరైనదే. చిక్కల్లా ఎక్కడంటే, ప్యాకెట్ మీద ఉన్న కార్బోహైడ్రేట్ అంకెలో పీచు కలిసి ఉందా, ముందే తీసేశారా అన్నది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది.

అమెరికా లేబుల్ మీద టోటల్ కార్బోహైడ్రేట్ అంటే పీచుతో సహా. దాని కిందే కొంచెం లోపలికి జరిపి పీచు, చక్కెర విడివిడిగా చూపిస్తారు. బ్రిటన్, యూరప్ లేబుళ్ల మీద కార్బోహైడ్రేట్ అంటే పీచు తీసేశాక మిగిలింది. పీచు వేరే వరుసలో ఉంటుంది. డాలస్‌లో ఉన్న అమ్మాయి పంపిన ప్యాకెట్, లండన్ నుంచి అబ్బాయి తెచ్చిన ప్యాకెట్ ఒకే బల్ల మీద ఉంటే రెండింటినీ ఒకే రకంగా చదవకూడదు. లండన్ ప్యాకెట్ మీద కార్బోహైడ్రేట్ 60, పీచు 10 అని ఉంటే గ్లూకోజ్‌గా మారగలిగేది 60 గ్రాములు. అందులోంచి మళ్లీ 10 తీసేస్తే ఒకే పీచును రెండుసార్లు తీసినట్టు. అలా పొరపాటు లెక్క వేసి ఇన్సులిన్ మోతాదు తగ్గించుకుంటే గ్లూకోజ్ పెరుగుతుంది.

మన దేశపు ప్యాకెట్ల మీద రెండు రకాలూ కనిపిస్తాయి. పైగా పీచు అంకె వేయడం అందరికీ తప్పనిసరి కూడా కాదు. శక్తి, ప్రోటీన్, కార్బోహైడ్రేట్, మొత్తం చక్కెర, కలిపిన చక్కెర, కొవ్వులు, సోడియం లాంటివి తప్పనిసరి. పీచు గురించి ఏదైనా గొప్ప చెప్పుకుంటే మాత్రం అంకె వేయాలి. కాబట్టి పీచు వరుస లేని బిస్కెట్‌లోనో నూడుల్స్‌లోనో పీచు చెప్పుకోదగ్గంత లేదనుకోవడమే మంచిది.

పీచు వరుస ఉన్నప్పుడు అది కార్బోహైడ్రేట్ లోపల ఉందో బయట ఉందో తేల్చుకోవడానికి ఒక కూడిక ఉంది. పొడిగా ఉండే సరుకుకు ఇది బాగా పనిచేస్తుంది. వంద గ్రాముల వస్తువులో అన్నీ కలిపినా వంద గ్రాములకు మించవు కదా. మన డైజెస్టివ్ బిస్కెట్ తీసుకోండి. ప్రోటీన్ 7, కొవ్వు 21, కార్బోహైడ్రేట్ 68 కలిపితే 96. దీనికి పీచు 6 కూడా కలిపితే 102 అవుతుంది. ఇంకా తేమ, ఉప్పు, ఖనిజాలు కలపనే లేదు. వంద గ్రాముల్లో 102 పట్టవు. కాబట్టి ఆ 6 గ్రాముల పీచు 68 లోపలే ఉంది. బిస్కెట్‌లో మిగతా నాలుగు గ్రాములూ తేమ, ఖనిజాలే. లెక్క సరిపోయింది.

గోధుమపిండికీ ఇదే కూడిక వేయవచ్చు, కాకపోతే పిండిలో తేమ 11 గ్రాముల దాకా ఉంటుందని గుర్తుంచుకోవాలి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహార పదార్థాల కూర్పు పట్టికలు విడుదల చేసింది. వాటి ప్రకారం వంద గ్రాముల గోధుమపిండిలో పిండిపదార్థం 64 గ్రాములు, పీచు 11. ఇక్కడ పీచును విడిగా చూపించారు. దుకాణంలో కొన్న పిండి ప్యాకెట్ మీద కార్బోహైడ్రేట్ 75, పీచు 11 అని ఉంటే కంగారు పడక్కర్లేదు. 64కు 11 కలిపితే 75. రెండూ ఒకే పిండిని రెండు రకాలుగా చెబుతున్నాయి. అదే ప్యాకెట్ మీద కార్బోహైడ్రేట్ 75, ప్రోటీన్ 11, కొవ్వు 2, తేమ 11 కలిపితే 99 వస్తుంది. పీచుకు విడిగా చోటు లేదు. అది 75లోనే ఉంది.

పీచును తీసివేయడం కన్నా దానితో చేయదగ్గ మంచి పని ఇంకొకటి ఉంది. కార్బోహైడ్రేట్‌ని పీచుతో భాగించి చూడటం. ధాన్యంతో చేసిన వస్తువులకు 10కి 1 అన్న కొలత వాడతారు. అంటే ప్రతి పది గ్రాముల పిండిపదార్థానికి కనీసం ఒక గ్రాము పీచు. ముడి గోధుమలో ఉండే నిష్పత్తికి ఇది దగ్గర. హార్వర్డ్ పరిశోధకులు 2013లో ఈ కొలతను ప్యాకెట్ల మీద ఉండే ఇతర గుర్తులతో పోల్చి చూశారు. 'హోల్ గ్రెయిన్' ముద్రలు, మొదటి పదార్థం ముడిధాన్యమై ఉండటం వంటి గుర్తుల కన్నా ఈ భాగాహారమే మెరుగైన సరుకును బాగా ఏరిందని తేల్చారు. ఇందులో వాడే కార్బోహైడ్రేట్ పీచుతో కలిసిన అంకె. యూరప్ తరహా లేబుల్ అయితే ముందు పీచును కలిపి ఆ తర్వాత భాగించాలి.

మన బిస్కెట్లకు వేసి చూద్దాం. డైజెస్టివ్‌లో 68ని 6తో భాగిస్తే 11 పైన. షుగర్ ఫ్రీలో 70ని 5తో భాగిస్తే 14. రెండూ పదిని దాటాయి. గోధుమపిండి 7 దగ్గర, రాగులు కూడా 7 దగ్గర ఉంటాయి. మైదా 28 దగ్గర, మిల్లులో తెల్లగా పట్టించిన బియ్యం 29 దగ్గర. ఈ అంకెలు మనసులో ఉంటే 'రాగి బిస్కెట్' ప్యాకెట్ మీద 20 వచ్చినప్పుడు లోపల ఏముందో తెలిసిపోతుంది. పదార్థాల జాబితా చదివితే అదే బయటపడుతుంది. ముందు మైదా లేదా గోధుమపిండి, తర్వాత పంచదార, నూనె, ఆ తర్వాత రాగిపిండి. పేరులోనో బొమ్మలోనో ఒక పదార్థాన్ని గొప్పగా చూపిస్తే దాని శాతం కూడా రాయాలన్న నిబంధన ఉంది. రాగి పక్కన ఉన్న ఆ శాతం చూస్తే చాలా సందేహాలు అక్కడే తీరిపోతాయి.

ఈ భాగాహారాన్ని మోసపుచ్చడం కుదరదా అంటే, కుదురుతుంది. మైదాకు చికోరీ వేరు నుంచి తీసిన ఇన్యులిన్ పొడి కలిపితే పీచు అంకె లేస్తుంది, నిష్పత్తి పదిలోపుకు దిగుతుంది. ఇన్యులిన్ దానంతట అది గ్లూకోజ్‌ని పెంచదు. కానీ పగలని గింజలో పిండి చుట్టూ సహజంగా ఉండే గోడలు ఎంజైముల పనిని నెమ్మది చేసినట్టు, పక్కన కలిపిన పొడి మైదాను నెమ్మది చేయలేదు. అందుకని నిష్పత్తి బాగున్నప్పుడు ఆ పీచు ఎక్కడి నుంచి వచ్చిందో జాబితాలో చూడాలి. ముడిధాన్యం, పప్పులు, తవుడు నుంచి వచ్చిందైతే నా దృష్టిలో అది నమ్మదగిన పీచు. ప్రోటీన్ బార్లలో కనిపించే ఐసోమాల్టో ఒలిగోశాకరైడ్ అనే తీపి పీచు విషయంలో అయితే ఇంకా జాగ్రత్త అవసరం. అది కొంతవరకు జీర్ణమై గ్లూకోజ్‌గా మారుతుంది. అమెరికా ఆహార నియంత్రణ సంస్థ దాన్ని పీచుగా ఒప్పుకోలేదు.

పీచు సంగతి ఇంత చెప్పినా, పరిమాణాన్ని అది మార్చదు. పదిలోపు నిష్పత్తి ఉన్న గోధుమ బ్రెడ్ నాలుగు ముక్కలు తింటే నాలుగు ముక్కల పిండిపదార్థమూ ఒంట్లోకి వెళ్తుంది. నిష్పత్తి ఏ ప్యాకెట్ కొనాలో చెబుతుంది. ఎంత తినాలో చెప్పేది కార్బోహైడ్రేట్ అంకే.

షుగర్ ఫ్రీ స్వీట్లలో, చాక్లెట్లలో ఇంకో వరుస ఉంటుంది. పాలియోల్స్, అంటే షుగర్ ఆల్కహాల్స్. మాల్టిటాల్, సార్బిటాల్, ఎరిత్రిటాల్ లాంటివి. వీటికి మత్తుతో సంబంధం లేదు. లేబుల్ మీద ఇవి చక్కెర కావు, కార్బోహైడ్రేట్‌లో మాత్రం కలిసి ఉంటాయి. అన్నీ ఒక్కలా పనిచేయవు. ఎరిత్రిటాల్ గ్లూకోజ్‌ని దాదాపు పెంచదు. మన మార్కెట్‌లో తరచుగా కనిపించే మాల్టిటాల్ మాత్రం పెంచుతుంది, పంచదార అంత కాకపోయినా. లెక్కకు పాలియోల్స్‌లో సగం తీసేసి సగం ఉంచుకోవడం వాడుకలో ఉన్న పద్ధతి. 40 గ్రాముల చాక్లెట్‌లో కార్బోహైడ్రేట్ 22, అందులో మాల్టిటాల్ 16 అని ఉంటే, 8 తీసేసి 14 గ్రాములుగా లెక్కించాలి. సున్నా అనుకోకూడదు. పాలియోల్స్ ఉన్న ప్యాకెట్ మీద విరేచనాలు కావచ్చన్న హెచ్చరిక ఉంటుంది. అది ఊరికే రాసింది కాదు. ఎక్కువ తింటే కడుపు ఉబ్బరం, విరేచనాలు నిజంగానే వస్తాయి.

చక్కెర వరుస చివర అన్నాను గానీ, అది తప్పక ముందుకు రావాల్సిన చోటు ఒకటుంది. పానీయాలు. అట్టపెట్టె పండ్లరసంలో 100 మిల్లీలీటర్లకు చక్కెర 12 గ్రాములుంటే, 200 మిల్లీలీటర్ల పెట్టెలో 24. పీచు లేదు, నమలడం లేదు, కొవ్వు లేదు. ఆ 24 గ్రాములను ఆపే అడ్డు ఏదీ లేదు. 'నో యాడెడ్ షుగర్' అని ఉన్నా, పండులోంచి వచ్చిన చక్కెరను ఒళ్లు వేరుగా చూడదు. అందుకే పట్టికలో మొత్తం చక్కెర, కలిపిన చక్కెర అని రెండు వరుసలున్నప్పుడు షుగర్ ఉన్నవాళ్లకు ముఖ్యమైనది మొత్తం చక్కెర. ఖర్జూరంతో చేసిన బార్లకూ ఇదే వర్తిస్తుంది.

కలిపిన చక్కెర వరుస పెరుగు దగ్గర బాగా పనికొస్తుంది. ఉత్త పెరుగు కప్పు మీద కూడా 100 గ్రాములకు 4, 5 గ్రాముల చక్కెర కనిపిస్తుంది. అది లాక్టోజ్, కలిపింది కాదు, పెద్దగా భయపడాల్సిందీ కాదు. పండు రుచుల పెరుగులో మొత్తం 14 ఉండి, కలిపింది 9 ఉంటే, ఆ 9 అక్కర్లేని భారం.

ఇప్పుడు ఈ అంకెల హద్దు ఎక్కడుందో చెప్పాలి. రోల్డ్ ఓట్స్ ప్యాకెట్, ఇన్‌స్టంట్ ఓట్స్ ప్యాకెట్ తీసుకోండి. రెండింటి మీద కార్బోహైడ్రేట్, పీచు, చక్కెర అంకెలు దాదాపు ఒకటే. కానీ 2008లో ప్రచురించిన అంతర్జాతీయ గ్లైసీమిక్ ఇండెక్స్ పట్టికలో రోల్డ్ ఓట్స్ జావ 55 దగ్గర, ఇన్‌స్టంట్ ఓట్స్ జావ 79 దగ్గర ఉన్నాయి. తేడా అంతా గింజను ఎంత పలచగా నొక్కారు, ముందే ఎంత ఉడికించారు అన్నదాంట్లో ఉంది. ఏ పట్టికలోనూ దానికి వరుస లేదు. రాగిదీ ఇదే కథ. పీచు నిష్పత్తి 7 ఉన్నా, మెత్తగా విసిరిన రాగిపిండిని పలచగా జావ కాస్తే అందులోని పిండి త్వరగా గ్లూకోజ్ అవుతుంది. రాగి మాల్ట్ పొడికి పంచదార కూడా కలిసి ఉంటే చెప్పక్కర్లేదు. ముద్దగా, గట్టిగా, పప్పుతోనో కూరతోనో కలిపి తిన్న రాగి వేరు, పొద్దున్నే ఖాళీ కడుపున తాగిన గ్లాసు జావ వేరు.

కొవ్వు వల్ల కూడా తికమక రావచ్చు. బిస్కెట్లో 20 గ్రాముల కొవ్వు ఉన్నప్పుడు కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, గ్లూకోజ్ ఆలస్యంగా ఎక్కుతుంది. రెండు గంటల పరీక్షలో తక్కువ కనిపించి, మూడో గంటలో పెరగవచ్చు. అంకె తక్కువ వచ్చిందని అది మంచి తిండి అయిపోదు. షుగర్ ఉన్నవాళ్లకు గుండె, కిడ్నీల గురించిన జాగ్రత్త కూడా అవసరం కాబట్టి, పిండిపదార్థం లెక్కలో నెగ్గిన ప్యాకెట్‌ని సంతృప్త కొవ్వు, సోడియం వరుసలు చూశాకే కొనాలి. వేరుశనగ మంచి ఉదాహరణ. వందకు పిండిపదార్థం 17, పీచు 10. గ్లూకోజ్ పరంగా ఎంతో మేలు. కొవ్వు మాత్రం 40, కాబట్టి గుప్పెడు చాలు. అదే గింజకు ఉప్పు పట్టించి, శనగపిండి పూత వేసి వేయించిన ప్యాకెట్ అయితే ఈ అంకెలేవీ వర్తించవు. దాని వెనక పట్టిక మళ్లీ మొదటి నుంచి చదవాలి.

లేబుల్ చెప్పలేనిది చెప్పడానికి ఇంట్లో గ్లూకోమీటర్ ఉంది. కొత్త ప్యాకెట్ తెచ్చినప్పుడు దాన్ని పరీక్షించే పద్ధతి కష్టమేమీ కాదు. తినబోయే ముందు ఒకసారి చూసుకోవాలి. కార్బోహైడ్రేట్ అంకె ప్రకారం తూచిన పరిమాణమే తినాలి, దానితో ఇంకేమీ తినకూడదు. తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు మళ్లీ చూసుకోవాలి. అమెరికా డయాబెటిస్ సంఘం చాలామందికి సూచించే హద్దు తిన్న తర్వాత 180 లోపు. మీ డాక్టర్ వేరే అంకె చెప్పి ఉంటే అదే మీకు లెక్క. అదే పరిమాణాన్ని ఇంకో రోజు ఇంచుమించు అదే సమయంలో మళ్లీ పరీక్షించాలి. మంచి మీటర్లకు కూడా 15 శాతం అటూఇటూ తేడా ఉండటానికి అంతర్జాతీయ ప్రమాణాలు ఒప్పుకుంటాయి. అసలు గ్లూకోజ్ 160 ఉన్నప్పుడు మీటర్ 136 నుంచి 184 వరకు ఏదైనా చూపించవచ్చు. అందుకని ఒక్క పరీక్షలో పది, పదిహేను తేడా చూసి ఈ బిస్కెట్ మేలు, ఆ బిస్కెట్ చెడ్డ అని తీర్పు చెప్పకూడదు. రెండు మూడుసార్లు ఒకే వైపు తేడా కనిపిస్తే నమ్మవచ్చు. మందు మోతాదు మాత్రం ఈ ఇంటి పరీక్ష చూసి సొంతంగా మార్చకూడదు.

ఈ లెక్క అంతా తలకిందులయ్యే సందర్భం ఒకటుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు, కొన్ని రకాల మాత్రలు వేసుకునేవాళ్లకు గ్లూకోజ్ 70 కన్నా పడిపోయి చెమటలు, వణుకు, తడబాటు వస్తాయి. అప్పుడు ఇంట్లో ఉన్న షుగర్ ఫ్రీ బిస్కెట్ ఎందుకూ పనికిరాదు. కొవ్వు ఎక్కువున్న మామూలు బిస్కెట్, చాక్లెట్ కూడా నెమ్మదిగా పనిచేస్తాయి. ఆ నిమిషంలో కావాల్సింది పీచు, కొవ్వు లేని 15 గ్రాముల చక్కెర. మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి గానీ, ఇందాక వద్దన్న పండ్లరసం పెట్టెలో సగానికి కొంచెం ఎక్కువ గానీ తాగించాలి. డైట్ కూల్‌డ్రింక్ పనిచేయదు, దానిలో చక్కెర సున్నా. పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ మీటర్ పెట్టి చూసి, ఇంకా 70 లోపే ఉంటే అంతే మోతాదు మరోసారి ఇవ్వాలి. మనిషి స్పృహ తప్పి, మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.